పుస్తకం మూశాక మొదలయ్యే చదువు

2006లో అచ్చయిన ఒక ప్రయోగం కోసం అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థులకు సూర్యుడి గురించీ సముద్రపు నీటికుక్కల గురించీ చిన్న పాఠాలు ఇచ్చారు. ఒక పాఠాన్ని రెండుసార్లు చదవమన్నారు. ఇంకోదాన్ని ఒకసారి చదివి, రెండోసారి చూడకుండా గుర్తున్నదంతా రాయమన్నారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే రెండుసార్లు చదివినవాళ్లదే పైచేయి: 81 శాతం, 75 శాతం. వారం తర్వాత తారుమారైంది. చూడకుండా రాసినవాళ్లకు 56 శాతం గుర్తుంది, మళ్లీ చదివినవాళ్లకు 42 శాతమే.

మన పదో తరగతి పిల్లలు మోసపోయేది ఆ మొదటి అయిదు నిమిషాల దగ్గరే. చూసి చదువుతుంటే అంతా వచ్చేసినట్టే ఉంటుంది. పబ్లిక్ పరీక్ష మాత్రం అయిదు నిమిషాల్లో రాదు.

శంషాబాద్ బడుల్లో ప్రార్థన అయ్యాక టీచరుకు దొరికేది ఒక్క నిమిషం. పైన విమానం వెళ్తే అందులోనూ కొంత పోతుంది, ఆగి చెప్పాల్సిందే. కాబట్టి ఒకే మాట, అదీ ఈ రాత్రే చేయగలిగేది. ఆ ప్రయోగంలో ఇచ్చినవి సుమారు 250 మాటల పాఠాలు. మన పాఠం పేజీలకు పేజీలు, అందుకే ఒక్క ఉపశీర్షిక చాలు. టీచరు చెప్పాల్సింది ఇది:

"పిల్లలూ, ఈ రాత్రి జీవశాస్త్రంలో కిరణజన్య సంయోగక్రియ ఒక్కటి తీయండి. అర్థమయ్యేలా ఒకసారి చదవండి. పుస్తకం మూసేయండి. తెల్ల కాగితం మీద నీలం పెన్నుతో గుర్తున్నదంతా రాయండి. గుర్తు రాకపోతే వెంటనే పుస్తకం తెరవొద్దు, కొంచెంసేపు ఆలోచించండి. ఎండ, నీళ్లు, కార్బన్ డయాక్సైడ్ రాసి ఉంటారు. పత్రరంధ్రాలు రాశారా? హరితరేణువులు? ఇప్పుడు పుస్తకం తెరిచి, వదిలేసినవి, తప్పు రాసినవి ఎర్ర పెన్నుతో రాయండి. మీరు మళ్లీ చదవాల్సింది ఆ ఎర్ర రాతలే. మూడు రోజులాగి కొత్త కాగితం మీద మళ్లీ రాయండి. ఈ రాత్రి రాసిన కాగితం రేపు తీసుకురండి."

మైకులో తొందరపడకుండా చదివితే ఇది నిమిషానికి అటూ ఇటూగా సరిపోతుంది. లెక్కలకైతే ఆ మధ్య మాటలు మార్చుకోవాలి: సాధన మూసి, అదే లెక్క మళ్లీ చేయాలి. పాఠం అసలు అర్థం కాని పిల్లవాడికి ఖాళీ కాగితం ఏమీ ఇవ్వదు, వాడికి ముందు పాఠమే చెప్పాలి. సరిచూసుకోవడం వదిలేసినా నష్టమే, రాసిన తప్పే స్థిరపడుతుంది.

మర్నాడు టీచరు "చదివారా?" అని అడిగితే అందరూ చేతులెత్తుతారు. అడగాల్సింది కాగితం చూపించమని. అసలు ఎర్ర సిరానే లేదంటే, ఆ పిల్లవాడు పుస్తకం పక్కన తెరిచే రాశాడేమో చూడాలి.