మూడో మీట పలకలేదు

మల్లేశ్వరంలో మా పక్క వాటా కుర్రవాడు మొన్న ఆదివారం 8000 హెర్ట్జ్ కీబోర్డు కొనిపెట్టమని పేచీ పెట్టాడు. స్ట్రీట్ ఫైటర్ ఆటలో తన దెబ్బ పడడం లేదట. "వేళ్ళు తిరగక కీబోర్డును ఆడిపోసుకుంటావేమిరా?" అన్నారు తండ్రిగారు. తగవు మా దగ్గరికి వచ్చింది.

మేము ముందు నోట్‌ప్యాడ్ తెరిపించాము. కుర్రవాడు వంగడానికి S, ముందుకు కదలడానికి D, గుద్దడానికి U పెట్టుకున్నాడు. ఎగిరి గుద్దే దెబ్బకు చివర మూడూ కలిసి పడాలి. S, D నొక్కిపట్టి U నొక్కమన్నాము. U పడలేదు. D వదిలి నొక్కితే పడింది. పదిసార్లూ అంతే. వేళ్ళలో దోషం లేదని తండ్రిగారు ఒప్పుకున్నారు.

కీబోర్డులో మీటకొక తీగ ఉండదు. అడ్డతీగలు, నిలువు తీగలు కలిసే కూడళ్ళలో మీటలుంటాయి. చతురస్రానికి మూడు మూలలు ఒకేసారి నొక్కితే కరెంటు దొడ్డిదారిన తిరిగి, నాలుగో మూల కూడా నొక్కినట్టే కనబడుతుంది. నొక్కని అక్షరం పుట్టకుండా చౌక కీబోర్డు ఆ మూడో మీటను మింగేస్తుంది. మీట మీటకూ ఒక డయోడు పెడితే కరెంటు వెనక్కు పోదు, ఎన్ని నొక్కినా అన్నీ పలుకుతాయి. దీన్నే ఎన్-కీ రోలోవర్ అంటారు.

మరి 8000 హెర్ట్జ్ మాటేమిటి? అది కంప్యూటరు సెకనుకు ఎన్నిసార్లు కీబోర్డును పలకరిస్తుందన్న లెక్క. 125 అయితే 8 మిల్లీసెకన్లకు ఒకసారి, 1000 అయితే 1 మిల్లీసెకనుకు ఒకసారి. ఆ మార్పు మంచిదే. అక్కడినుంచి 8000కు పోతే సగటున మిగిలేది అర మిల్లీసెకను లోపే. పోరాట ఆటలో ఒక బొమ్మ నిలిచేది సుమారు 16.7 మిల్లీసెకన్లు. పైగా ఎంత తరచుగా పలకరించినా, మింగేసిన మీట తిరిగి రాదు.

పాటకు తాళం వేసినట్టు మీటలు కొట్టే ఆటల్లో ఇంకొక చిక్కుంది. మీట నొక్కగానే లోపలి రేకులు క్షణకాలం అదురుతాయి. ఆ అదురు అణగేదాకా కీబోర్డు ఆగడమే డిబౌన్స్. కొన్ని 5 మిల్లీసెకన్లు ఆగి, తరువాత చెబుతాయి. కొన్ని ముందే చెప్పి, తరువాతి అదురును పట్టించుకోవు. తాళానికి రెండోదే మేలు. ఆ గడువును మరీ తగ్గిస్తే ఒక్క నొక్కుకు రెండక్షరాలు పడతాయి. ఆటలో అది తప్పుతాళం.

చివరికి U బదులు I పెట్టించాము. మూడూ పలికాయి, ఖర్చు కాలేదు. అయినా కొనదలిస్తే ఎస్.పి. రోడ్డు దుకాణంలోనే మీ మీటలు మూడూ కలిపి నొక్కి చూసి, ఆ తరువాతనే డబ్బు తీయండి.