క్లీన్ రాకపోతే కొంపేమీ మునగదు

వనపర్తిలో పోలీసు కొలువుకు తయారయ్యే కుర్రాళ్లలో ఈమధ్య ఒక నమ్మకం బాగా పాతుకుపోయింది. లాంగ్‌జంప్ దాటాలన్నా, షాట్‌పుట్ గుండు దూరం పోవాలన్నా శరీరంలో పవర్ ఉండాలి, ఆ పవర్ క్లీన్, స్నాచ్ లాంటి ఒలింపిక్ లిఫ్టుల వల్ల మాత్రమే వస్తుంది అన్నది ఆ నమ్మకం. మొదటి సగం నిజమే. రెండో సగాన్ని ఫోన్లో వీడియోలు, జిమ్‌లో సీనియర్లు కలిసి తలకెక్కించారు. "అన్నా, క్లీన్ రాకుంటే పవర్ ఎట్లొస్తది?" అని అడిగే కుర్రాడి గొంతులో సందేహం ఉండదు. అది తేలిపోయిన విషయమన్నట్టే అడుగుతాడు. అది తేలిన విషయం కాదని చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు లక్ష్యం ఏమిటో చూద్దాం. 2022 నాటి తెలంగాణ పోలీసు నియామకాల్లో మగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాలి, లాంగ్‌జంప్ 4 మీటర్లు దూకాలి, 7.26 కిలోల గుండును 6 మీటర్లు వెయ్యాలి. ఆడవాళ్లకు 800 మీటర్ల పరుగు, 2.5 మీటర్ల దూకు, 4 కిలోల గుండు 4 మీటర్లు. వీటిలో ఎక్కడా బార్‌బెల్ లేదు. చేతిలో నుంచి ఒక బరువు వేగంగా బయటికి వెళ్లాలి, నేల మీది నుంచి సొంత శరీరం వేగంగా లేవాలి. పరీక్ష అంతే.

ఒలింపిక్ లిఫ్టుల మీద నాకు చిన్నచూపేమీ లేదు. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచినప్పుడు తెలుగువాళ్లందరం పొంగిపోయాం. కానీ ఆమె పన్నెండేళ్ల వయసు నుంచి కోచ్ కళ్ల ముందు ఆ విద్య నేర్చుకున్నారు. మన కుర్రాడి చేతిలో ఉన్నవి నోటిఫికేషన్ నుంచి ఈవెంట్ల దాకా కొన్ని నెలలు. జిమ్‌లో ఉన్న శిక్షకుడికే చాలాచోట్ల క్లీన్ సరిగా రాదు.

క్లీన్ వల్ల పవర్ వస్తుందనడంలో అబద్ధం లేదు. తుంటి, మోకాలు, చీలమండ మూడూ ఒకేసారి ఫట్‌మని తెరుచుకుని బార్‌ను పైకి తోస్తాయి. అయితే కొత్తవాడు చేసే క్లీన్‌ను దగ్గరగా గమనించండి. నడుము వంగిపోయి ఉంటుంది. తుంటి పూర్తిగా తెరుచుకోకముందే చేతులతో లాగేస్తాడు. బార్ ఛాతీకి దూరంగా చక్కర్లు కొట్టి వచ్చి మణికట్టు మీద ధన్‌మని పడుతుంది, మోచేతులు కిందికే చూస్తుంటాయి. ఆ స్థితిలో అతను ఎంత బరువు ఎత్తగలడో తేల్చేది కాళ్ల సత్తా కాదు, రాని విద్య. ఇరవై కిలోల ఖాళీ బార్‌తో నెలలు గడిచిపోతాయి. కాళ్లకు, తుంటికి నిజంగా పని పడే బరువు దాకా అతను వెళ్లడు. వెళ్తే ముందు నడుమో మణికట్టో మొరాయిస్తుంది.

అవతలి పక్షం వాదనలో బలమైనది ఒకటుంది, దాన్ని దాటవేయకూడదు. ఒలింపిక్ లిఫ్టుల మీద జరిగిన ప్రయోగాలను కలిపి చూసిన 2016 నాటి ఒక సమీక్షలో, నిలువుగా ఎగరడంలో అవి మామూలు బరువుల వ్యాయామం కన్నా ఎక్కువ మేలు చేశాయని తేలింది. దీన్నే మనవాళ్లు జెండాలా ఊపుతారు. అదే సమీక్షలో, దూకే వ్యాయామాలతో పోల్చినప్పుడు ఒలింపిక్ లిఫ్టులకు చెప్పుకోదగ్గ ఆధిక్యం కనబడలేదు. అది మాత్రం ఎవరూ చెప్పరు. ఫలితం దాదాపు ఒకటే అయినప్పుడు నేర్చుకోవడానికి నెలలు పట్టే దారిని నాలుగు రోజుల్లో వచ్చే దారికన్నా ముందు పెట్టడం ఏం తెలివి?

దీని వెనక కారణం సులువైనదే. బరువు భుజాన వేసుకుని స్క్వాట్ చేస్తే, పైకి చేరేసరికి శరీరం తనకు తానే బ్రేకు వేస్తుంది. లేకపోతే బార్ భుజం మీది నుంచి ఎగురుతుంది. దూకినప్పుడు ఆ బ్రేకు అక్కర్లేదు, పాదం నేల వదిలేదాకా తోస్తూనే ఉండొచ్చు. మెడిసిన్ బాల్ విసిరినప్పుడూ అంతే, బంతి చేయి దాటేదాకా వేగం పెరుగుతూనే ఉంటుంది. గుండు వేయడంలో కావలసింది అచ్చంగా ఇదే.

ఒక లెక్క వేసి చూద్దాం. 5.3 మీటర్లు వేస్తున్న కుర్రాడున్నాడనుకోండి. గుండు నేలకు 1.8 మీటర్ల ఎత్తున, సరైన వాలులో చేయి దాటుతోందనుకుంటే, దాని వేగం సెకనుకు సుమారు 6.1 మీటర్లు. 6 మీటర్లు పడాలంటే 6.6 కావాలి. తేడా సెకనుకు అర మీటరు. చెయ్యి మరో పది సెంటీమీటర్లు ఎత్తున ఉంటే దూరం కలిసొచ్చేది ఏడెనిమిది సెంటీమీటర్లే. కాబట్టి అతను కొనుక్కోవలసింది వేగాన్ని. రోజూ అదే 7.26 కిలోల గుండును యాభైసార్లు వేస్తే వేగం రాదు. పది వేసేసరికి చెయ్యి అలిసి, మిగతా నలభై నెమ్మదిగా తోయడాన్నే ఒంటికి నేర్పుతాయి.

అందుకే రెండు మూడు కిలోల బంతి. ఛాతీ దగ్గర రెండు చేతులతో పట్టుకుని, మోకాళ్లు కాస్త వంచి, కాళ్లతో మొదలుపెట్టి బంతిని ముందుకు తొయ్యాలి. రెండో విసురు నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, వెనక్కి విసరడం. వీపు వెనక ఖాళీ జాగా చూసుకుని నిలబడి, బంతిని కాళ్ల మధ్యకు దించి, తుంటిని విరిచి కాళ్లతో లేస్తూ తల మీదుగా వెనక్కి వదలాలి. చేతులు తాళ్లలాగే ఉండాలి, పని తుంటిది. బంతి వదిలేసరికి మడమలు లేచి, పాదాలు నేల వదిలేంత ఊపు ఉంటే అది సరైన విసురు. క్లీన్‌లో ఏ మూడు కీళ్లు తెరుచుకోవాలని అంటారో ఆ మూడూ ఇక్కడ తెరుచుకుంటాయి. పట్టుకోవడం అనే కష్టమైన సగం మాత్రం ఉండదు. మూడో విసురు పక్కకు తిరిగి గోడవైపు వేసేది, గుండు వేసేటప్పుడు నడుము తిప్పడాన్ని నేర్పుతుంది.

బంతి బరువెక్కువైతే ఎలా తెలుస్తుంది? విసిరేముందు వీపు వెనక్కి వాలుతుంది, బంతి ఎగరకుండా దొర్లినట్టు పోతుంది. ఎనిమిది కిలోల బంతి పట్టుకుని మగతనం చూపించే పోటీ ఇక్కడ పనికిరాదు. బంతి దొరకదంటారా, పాత బాస్కెట్‌బాల్ కోసి ఇసుక నింపి, సైకిల్ షాపులో ప్యాచ్ వేయించి, కిరాణా కొట్టు కాంటా మీద తూచుకోండి. దాన్ని మాత్రం నేలకేసి కొట్టొద్దు, పగులుతుంది. గాలి నింపిన రబ్బరు బంతినీ కొట్టొద్దు, తిరిగొచ్చి ముక్కు మీద తగులుతుంది.

ఇక దూకడం. మైదానంలో "పవర్ వర్కౌట్" అంటే ఏం చేస్తున్నారు? కప్ప గంతులేస్తూ మైదానం చుట్టూ ఒక రౌండు. మొదటి పది గంతులు దూకుళ్లు, తర్వాతివి కుంటడం. మర్నాడు మెట్లు దిగలేక మూలిగితే మంచి వర్కౌట్ అని సంబరం. దాంతో పెరిగేది ఓపిక, మోకాలి కింద నొప్పి. తర్వాత వాళ్లే వచ్చి "దూకుళ్లతో పవర్ రాలేదు, క్లీన్ చెయ్యాలి" అంటారు. వాళ్లు దూకనే లేదు కదా!

కొత్తవాడు ముందు నేర్చుకోవలసింది దిగడం. చిన్నగా ఎగిరి, చప్పుడు కాకుండా దిగి, మోకాళ్లు లోపలికి ముడుచుకోకుండా రెండు సెకన్లు కదలకుండా నిలబడాలి. పాదాల చప్పుడు వింటే చాలు, టపటపమంటే ఇంకా రాలేదని అర్థం. అది వచ్చాక, కిందికి కూర్చుని ఒక్క క్షణం ఆగి పైకి ఎగరడం, తర్వాత ఆగకుండా ఊపుతో ఎగరడం, ఆపైన నిలబడి ముందుకు దూకడం. గ్యాలరీ మెట్టు మీదికి ఎగరండి, తప్పులేదు, దిగేటప్పుడు మాత్రం నడిచి దిగండి. ఎత్తు మెట్ల మీది నుంచి కిందికి దూకి మళ్లీ ఎగరడం సోవియట్ శిక్షకుడు వెర్ఖొషాన్‌స్కీ పేరు తెచ్చిన పద్ధతి. అది ఏళ్లు సాధన చేసిన అథ్లెట్లది, మొదటి నెల కుర్రాడిది కాదు.

మన 5.3 మీటర్ల కుర్రాడి దగ్గరికే వద్దాం. నిలబడి దూకితే 2.1 మీటర్లు వస్తోంది. అతనికి ఎనిమిది వారాలున్నాయి. సోమవారం, గురువారం, పరుగుకు ముందు, ఒళ్లు వేడెక్కాక మొదలుపెడతాడు. మొదటి రెండు వారాలు దిగడం, చిన్న ఎగురుళ్లు, రోజుకు నలభై పాదాల తాకిళ్లు మించవు. బంతి విసుర్లు మూడు రకాలూ కలిపి ముప్ఫై. మూడు నుంచి ఐదు విసిరి, నిమిషమో రెండు నిమిషాలో కూర్చుంటాడు. ఆ కూర్చోవడాన్ని చూసి తోటివాళ్లు నవ్వుతారు, నవ్వనీండి. మూడో వారం నుంచి నిలబడి దూకుళ్లు, ఐదారు అడుగుల పరుగుతో ఇసుక గుంతలోకి ఒంటికాలి దూకులు చేరతాయి, తాకిళ్లు అరవై, ఎనభై దాకా పోతాయి. ఆరో వారం నుంచి దూకుళ్లు తగ్గి, అసలు గుండు, అసలు రన్‌అప్ పెరుగుతాయి. చివరి వారంలో పని సగం చాలు. ఒక నియమం తప్పకూడదు. ప్రతి వెనక్కి విసురునూ టేపుతో కొలవాలి. ఆరోజు బాగా పడ్డదానికన్నా పదో వంతు తగ్గగానే ఆ రోజుకు ఆపెయ్యాలి. అక్కడి నుంచి వచ్చేది అలసటే.

దీనికి హద్దులున్నాయి. పది పుషప్‌లు తీయలేనివాడికి, సొంత బరువుతో సరిగా స్క్వాట్ చేయలేనివాడికి ముందు బలం కావాలి. వారానికి రెండు రోజులు స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, ప్రెస్ లాంటివి ఉండాల్సిందే. బంతి ఎంత బాగా విసిరినా గుండు వేసే పద్ధతి దానంతటది రాదు, అది విడిగా నేర్చుకోవాలి. లాంగ్‌జంప్‌లో సగం రన్‌అప్ వేగానిది, ఫౌల్ కాకుండా బోర్డు దొరకడానిది. మోకాలి చిప్ప కింద నొప్పి మర్నాటికీ తగ్గకపోతే దూకుళ్లు ఆపి విసుర్లే చెయ్యాలి. గట్టి మొరం నేల మీద, సిమెంటు మీద దూకొద్దు.

జిమ్ నడిపే సోదరులకు ఒక్క మాట. మీ దగ్గరికి వచ్చిన కుర్రాడికి క్లీన్ నేర్పాలనుంటే నేర్పండి, రెండేళ్ల టైమున్నవాడికి నేర్పండి. ఈవెంట్లు మూడు నెలల్లో ఉన్నవాడికి మాత్రం ఒక బంతి, ఒక టేపు ఇచ్చి ఇసుక గుంత దగ్గరికి పంపండి.