పక్కింటి ట్యాంకు, అమ్మ గోడ

ఈసారి ఉత్తరం డాలస్ నుంచి వచ్చింది. రాసినావిడ పేరు ఇక్కడ చెప్పడం లేదు. విషయం ఇది. తెనాలిలో వాళ్ల ఇల్లు నాన్నగారు పోయాక ఈవిడ పేరుకి మారింది. అందులో అమ్మ ఒక్కరే ఉంటారు. రెండేళ్ల క్రితం పక్కింటివాళ్లు పైన ఇంకో అంతస్తు వేసుకుని, దానిమీద కొత్త ట్యాంకు పెట్టారు. ట్యాంకు నిండాక పొర్లిన నీళ్లు బయటికి పోయే గొట్టం సరిగ్గా వీళ్ల గోడవైపు తిరిగి ఉంది. రోజూ తెల్లవారుజామున మోటారు వేసి మర్చిపోతారు. పడగ్గది గోడ నానిపోయింది, సున్నం పెచ్చులుగా ఊడుతోంది, గదంతా బూజు వాసన. అమ్మకి ఉబ్బసం. "చెప్తే 'అలాగే వదినగారూ' అంటారు. మర్నాడు మళ్లీ అంతే. ముప్పై ఏళ్ల ఇరుగుపొరుగు, పోలీసుల దగ్గరికి వెళ్లనంటుంది అమ్మ. నేను ఇక్కడినుంచి ఏం చేయగలను?" అని అడిగారు.

అమ్మగారు అన్నది ఒకందుకు నిజమే, ఇది పోలీసుల పని కాదు. వీధి మొత్తానికి ఇబ్బంది అయితే మునిసిపాలిటీకో, మేజిస్ట్రేట్ హోదా ఉన్న అధికారికో అర్జీ పెట్టుకునే దారి ఉంది. ఒక్క ఇంటికి, ఒక్క గోడకి జరిగే నష్టానికి దారి సివిల్ కోర్టు. దీన్ని చట్టంలో న్యూసెన్స్ అంటారు. మాటల్లో మనం విసుగుతో వాడే 'న్యూసెన్స్' వేరు. పక్కవాడు తన స్థలంలో చేసుకునే పని వల్ల మన స్థలం మనం అనుభవించే హక్కుకి గట్టి భంగం కలిగితేనే అది దావా వేయగలిగే న్యూసెన్స్ అవుతుంది.

చప్పుడూ వాసనా అయితే కోర్టు ముందు చూసేది, సామాన్యమైన మనిషికి అది భరించరానిదా అని. మరీ సున్నితంగా ఉండేవారికి మాత్రమే ఇబ్బంది అయితే సరిపోదు. ఏ పేట, ఏ వేళ అన్నదీ చూస్తారు. అలాగని సందడిగా ఉండే పేట అయినంత మాత్రాన ఓర్చుకోవాల్సిందే అని కాదు. అలహాబాద్ హైకోర్టు 1970ల చివర్లో ఒక పిండిమర కేసులో, ఉన్న రణగొణకి తోడు ఇంకా చెప్పుకోదగ్గ చప్పుడు చేరితే అదీ న్యూసెన్సే అని నిషేధం ఇచ్చింది. తర్వాత కొన్నేళ్లకి అదే కోర్టు, ఒక డాక్టరుగారి క్లినిక్కు పక్కన ఇటుకలు పొడిచేసే యంత్రం పెట్టిన కేసులోనూ డాక్టరుగారి పక్షానే తీర్పు చెప్పింది. అక్కడ గాల్లో వచ్చే ఎర్రటి దుమ్ము బట్టలమీద కనిపించేంతగా పేరుకునేది. కంటికి కనిపించిన ఆ పొరే వాదనకి బలమైంది.

నీళ్ల విషయంలో వాది పని ఇంకాస్త సులువు. గోడ తడిసి పాడైతే అది ఆస్తికి జరిగిన నష్టం. పేట ఎలాంటిది, మనిషి ఎంత సున్నితం అన్న చర్చ అక్కడ పెద్దగా రాదు. నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో, వాటివల్లే గోడ పాడైందో రుజువు చేస్తే చాలు.

కేసు నిలబడినా పడిపోయినా అక్కడే. పక్కవాళ్ల మొదటి జవాబు ఎప్పుడూ ఒకటే: "మీ గోడలో మీ పైపే లీకవుతోంది." అందుకని దావాకంటే ముందు ఇంట్లోనే చేసుకోవలసిన పరీక్షలు రెండున్నాయి. ఒకటి, రెండు రోజులు మీ ట్యాంకు గేటు వాల్వు కట్టేసి, ఆ గోడవైపు పైపుల్లోకి చుక్క నీరు వెళ్లకుండా చేసి తడి మారిందేమో చూడడం. రెండోది అసలైన పరీక్ష: పక్కవాళ్లు ఊళ్లో లేని రోజులు. నేనడిగితే డాలస్ ఆవిడకి గుర్తొచ్చింది, సంక్రాంతికి పక్కవాళ్లు పది రోజులు ఊరెళ్లినప్పుడు గోడ ఆరిపోయిందని అమ్మ ఫోన్‌లో అన్నారట. ఆ మాట ఎక్కడా రాసిపెట్టుకోలేదు! ఇకనుంచి రాయమన్నాను. తడి ఎంతవరకు ఎక్కిందో గోడమీద పెన్సిల్‌తో గీత గీసి, పక్కన తేదీ వేయమన్నాను. ఒక నోటుబుక్కులో మోటారు వేసిన వేళ, నీళ్లు పొర్లడం మొదలైన వేళ, ఆగిన వేళ. వారానికో వీడియో, గొట్టంలోంచి పడే నీళ్లూ తడిసిన గోడా ఒకే షాట్‌లో వచ్చేలా. ఆ ఫోన్ మార్చకూడదు, వీడియోలు వాట్సాప్‌లో పంపి అసలువి చెరిపేయకూడదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త సాక్ష్య చట్టం ప్రకారం ఫోన్‌లోని వీడియోను కోర్టులో పెట్టాలంటే సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి. అసలు ఫైలు తీసిన ఫోన్‌లోనే ఉంటే ఆ పని తేలిక.

తర్వాత లాయరుగారి ద్వారా నోటీసు. ఇద్దరు పొరుగువాళ్ల మధ్య దావాకి నోటీసు తప్పనిసరి కాదు. అయినా ఇస్తాం, కారణం మౌనం. నష్టం కొనసాగుతున్నంత కాలం గడువు రోజూ కొత్తగా మొదలవుతుందని లిమిటేషన్ చట్టం చెబుతుంది కాబట్టి ఆలస్యమైందన్న భయం అక్కర్లేదు. కానీ వాది తెలిసీ ఒప్పుకుని ఊరుకున్నట్టు తేలితే ఇంజంక్షన్ ఇవ్వక్కర్లేదని స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 41 అంటుంది. పైగా ఇరవై ఏళ్లు అడ్డు లేకుండా నీళ్లు వదిలితే అది తమ హక్కు అయిపోయిందని పక్కవాళ్లు వాదించవచ్చు. అమ్మగారు రెండేళ్లలో ఎన్నిసార్లు బతిమాలారో ఆవిడకే తెలుసు, కాగితానికి తెలియదు. నోటీసు పంపితే ఆ లోటు తీరుతుంది.

ఇక దావా ఎవరు వేయాలి? ఇల్లు కూతురిది, ఉండేది అమ్మ. ఇద్దరూ వాదులుగా చేరడం మంచిది. పాడవుతున్న గోడ యజమానిగా కూతురు, ఆ గదిలో ఊపిరాడక అవస్థపడుతున్న మనిషిగా అమ్మ. కూతురు తరఫున అమ్మకి పవరాఫ్ అటార్నీ ఇవ్వవచ్చు. దాన్ని ఇండియన్ కాన్సులేట్‌లో గానీ, నోటరీ దగ్గర చేయించి అపోస్టిల్ వేయించి గానీ పంపాలి. ఇక్కడికి చేరిన మూడు నెలల్లో స్టాంపు డ్యూటీ కట్టాలి. ఒక్క విషయం చాలామంది పొరపాటు పడతారు. పవరాఫ్ అటార్నీ ఉన్నవారు సంతకాలు పెట్టొచ్చు, కేసు నడపొచ్చు. అసలు మనిషికి మాత్రమే తెలిసిన సంగతులకి ఆ మనిషి బదులు సాక్ష్యం చెప్పలేరు. సుప్రీంకోర్టు 2004 డిసెంబరులో ఇచ్చిన తీర్పు అది. మన కేసులో ఇది అనుకూలమే. నీళ్లు పడడం రోజూ కళ్లారా చూసింది అమ్మ, డాలస్‌లో ఉన్న కూతురు కాదు. అమ్మ తను చూసింది తను చెబుతారు. అందుకే హైదరాబాద్‌లో ఉన్న బావగారి పేర పవర్ ఇచ్చేసి నిశ్చింతగా ఉందామనుకోవడం ఇలాంటి కేసుల్లో పనికిరాదు.

కోర్టుని ఏం అడగాలన్నది ఇంకా ముఖ్యం. కోపంలో అందరూ "ఆ ట్యాంకు తీయించెయ్యండి" అంటారు. ట్యాంకు పెట్టుకోవడం తప్పు కాదు, కోర్టు అది తీయించడం అరుదు. అడగవలసింది నాలుగు. దావా తేలేదాకా మన గోడమీద నీళ్లు పడకుండా చూడమని తాత్కాలిక ఇంజంక్షన్. ఎప్పటికీ పడనివ్వకూడదని శాశ్వత ఇంజంక్షన్. పొర్లు గొట్టం వాళ్ల సొంత కాలువలోకి తిప్పి, ట్యాంకు నిండగానే నీరు ఆగేలా బాల్ వాల్వు పెట్టమని ఒక ఉత్తర్వు. గోడ బాగుచేయించుకోవడానికి పరిహారం. పరిహారం ఇదే దావాలో అడగాలి. నిషేధం కోసం వేసిన దావా కొట్టేశాక, అదే నష్టానికి పరిహారం అడుగుతూ ఇంకో దావా వేయడం కుదరదు. ఎంత అడిగితే అంతమీద కోర్టు ఫీజు కట్టాలి కాబట్టి, ఇంజనీరు అంచనా, మేస్త్రీ బిల్లు ఉన్నంతవరకే అడగడం తెలివి.

తాత్కాలిక ఉత్తర్వు మొదట్లోనే రావచ్చు. మామూలుగా అవతలివారికి నోటీసిచ్చాకే ఇస్తారు. అత్యవసరమని ఒకపక్షంగా ఇస్తే ముప్పై రోజుల్లో ఆ అర్జీ తేల్చడానికి కోర్టు ప్రయత్నించాలి. కట్టడం మార్చమనే ఉత్తర్వు మాత్రం మధ్యలో దొరకడం కష్టం, అది సాధారణంగా తీర్పుతోనే వస్తుంది.

ఈ దశలోనే అడ్వొకేట్ కమిషనర్‌ని వేయమని అర్జీ పెట్టాలి. కోర్టు పంపే లాయరు ఇంటికొచ్చి, చూసింది చూసినట్టు రిపోర్టు రాస్తారు. ఇక్కడొక చిక్కుంది. కమిషనర్ వచ్చే రోజున పక్కింట్లో మోటారు వేయరు, గొట్టం పొడిగా ఉంటుంది. అందుకని వర్క్ మెమోలో స్పష్టంగా రాయించుకోవాలి: మోటారు వేయించి, ట్యాంకు నిండేదాకా ఉండి, పొర్లిన నీరు ఎటు పడుతుందో చూడాలి, గోడమీది గీతలు, తేదీలు నమోదు చేయాలి అని. పెన్సిల్ గీతలు పనికొచ్చేది ఇక్కడే.

ఆర్డరు వచ్చాకా మోటారు పాతపాటే పాడితే? తాత్కాలిక ఉత్తర్వు ధిక్కరిస్తే ఆస్తి జప్తు చేయవచ్చు, మూడు నెలల దాకా సివిల్ జైలు వేయవచ్చు. గొట్టం తిప్పమన్న డిక్రీ వాళ్లు పాటించకపోతే, కోర్టు అనుమతితో మనమే పని చేయించి ఆ ఖర్చు వాళ్ల దగ్గర రాబట్టుకోవచ్చు.

ఇంత చెప్పినా, డాలస్ ఆవిడకి నేను ముందు చెప్పిన దారి ఇది కాదు. ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆడవారందరికీ లీగల్ సర్వీసెస్ చట్టం కింద ఉచిత న్యాయసహాయం ఉంది. అమ్మగారు న్యాయసేవాధికార సంస్థలో ఒక అర్జీ ఇస్తే, దావా వేయకముందే పక్కవాళ్లని పిలిచి లోక్ అదాలత్‌లో మాట్లాడిస్తారు. అక్కడ రాజీ కుదిరితే ఆ కాగితం డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు. అందులోనూ "ఇకమీద జాగ్రత్తగా ఉంటాం" అని రాయించుకుంటే పనికిరాదు. గొట్టం ఎటు తిప్పాలి, ఏ తేదీ లోపు, బాల్ వాల్వు ఎవరి ఖర్చుతో, గోడకి ఎంత ఇస్తారు అన్నది విడివిడిగా రాయించాలి. పక్కవాళ్లు రాకపోతే, వచ్చినా ఒప్పుకోకపోతే, అప్పుడు దావా.

పదిహేను రోజులకి ఆవిడ మళ్లీ రాశారు. అమ్మ గోడమీద రెండో గీత గీశారట, మొదటిదానికంటే జానెడు పైన. నోటుబుక్కు చూపిస్తే పక్కింటాయన మొదటిసారి డాబా ఎక్కి గొట్టం చూసి వెళ్లారట. గొట్టం ఇంకా తిరగలేదు. అర్జీ ఈ సోమవారం ఇస్తున్నారు.