బిల్లులో మిగిలిపోయిన ఆరు రూపాయలు

మొన్న శనివారం నలుగురం మాదాపూర్‌లో బిర్యానీకి వెళ్లాం. మెనూ రేట్లు కూడితే 1200. బిల్లు మాత్రం 1386 వచ్చింది. "186 రూపాయల ట్యాక్సేంట్రా!" అన్నాడు మావాడు. నిజానికి ట్యాక్స్ అంత లేదు.

బిల్లు పై నుంచి కిందికి చదివితే విషయం తెలిసింది. తిన్నదానికి 1200. దాని మీద 10 శాతం సర్వీస్ ఛార్జ్, 120. మొత్తం 1320. ఇప్పుడు ఈ 1320 మీద 5 శాతం జీఎస్టీ, అంటే సీజీఎస్టీ 33, ఎస్‌జీఎస్టీ 33. అలా 1386 అయింది. జీఎస్టీ ప్రభుత్వానికి వెళ్తుంది. సర్వీస్ ఛార్జ్ ట్యాక్స్ కాదు, అది రెస్టారెంట్ తీసుకునే డబ్బు. కానీ దాని మీద కూడా మనం ట్యాక్స్ కడుతున్నాం!

సర్వీస్ ఛార్జ్ తీసేయమని అడిగాను. వెయిటర్ పెన్నుతో 120 కొట్టేసి 1266 రాసిచ్చాడు. అందరూ హ్యాపీ. కానీ అసలు లెక్క 1200 మీద జీఎస్టీ 60, మొత్తం 1260. మిగిలిన ఆ ఆరు రూపాయలు తీసేసిన ఛార్జ్ మీద వేసిన ట్యాక్స్. అందుకే పెన్నుతో కొట్టేస్తే ఒప్పుకోకండి, కొత్త బిల్లు ప్రింట్ చేయమనండి.

కొన్నిచోట్ల మెనూ రేటులోనే ట్యాక్స్ కలిపి ఉంటుంది. అక్కడ బిర్యానీ 210 అంటే 210 ఇస్తే సరిపోతుంది. అందులో ట్యాక్స్ ఎంత? చాలామంది 210లో 5 శాతం లెక్కేసి 10.50 అంటారు. అది తప్పు. 210ని 1.05తో భాగిస్తే అసలు ధర 200, ట్యాక్స్ 10. ఇలాంటి మెనూ పెట్టి, బిల్లులో 210 మీద మళ్లీ జీఎస్టీ వేస్తే రెండుసార్లు వసూలు చేసినట్టే. తేడా పట్టుకోవడం ఈజీ: బిల్లులో ఐటమ్ పక్కన ఉన్న రేటు 200 ఉందా, 210 ఉందా చూడండి. ట్యాక్స్ కలిపిన మెనూ అయితే అక్కడ 200 కనిపించాలి, లేదా కింద విడిగా ట్యాక్స్ కలపకూడదు.

ఇంతకీ సర్వీస్ ఛార్జ్ కట్టాల్సిందేనా? అడక్కుండా బిల్లులో కలపకూడదని, వేరే పేరుతో కూడా వసూలు చేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలిచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. ఇవ్వాలనిపిస్తే ఇవ్వచ్చు, బలవంతం లేదు. తీయనంటే 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు.

మా వెయిటర్ కొత్త బిల్లు తెచ్చాడు, 1260. తలా 315. బాగా చూసుకున్నాడు కాబట్టి టిప్పు అతని చేతికే ఇచ్చాం. దాని మీద జీఎస్టీ లేదు!