నీళ్ళు చాలునని మిషనుకు చెప్పేదెవరు?

బట్టలుతికే మిషనులో నీళ్ళు ఒక మట్టానికి రాగానే ధార దానంతటదే ఆగిపోతుంది. ఇన్ని నిమిషాలని లెక్కపెట్టి కట్టేస్తుందని చాలామంది అనుకుంటారు. అదే నిజమైతే మేడమీద ట్యాంకు నిండుగా ఉన్న రోజున తొట్టి పొంగి పొర్లాలి. ట్యాంకు అడుగంటిన రోజున బట్టలు సరిగా తడవనే కూడదు. అలా జరగడం లేదు గదా!

ఒక గాజు గ్లాసును బోర్లించి, నిటారుగా బకెట్టు నీళ్ళలోకి ముంచి చూడండి. లోపలి గాలి పోవడానికి దారిలేక మీ చేతిని పైకి నెడుతుంది. లోతుకు పోయినకొద్దీ ఆ నెట్టుడు ఎక్కువవుతుంది. మిషనులో జరిగేదీ ఇంతే. నీళ్ళు నిలిచే తొట్టి అడుగున, ఒక పక్కగా, బోర్లించిన గ్లాసు వంటి చిన్న గూడు ఉంటుంది. దాని నెత్తి నుంచి ఒక సన్నని గొట్టం పైకి పోయి, మీటల పలక వెనుక ఉన్న గుండ్రని బిళ్ళకు తగులుకుంటుంది. ఆ బిళ్ళే ప్రెషర్ స్విచ్. గొట్టంలో ఉండేది నీరు కాదు, గాలి.

బిళ్ళ లోపల పలుచని రబ్బరు పొర, దాని వెనుక ఒక స్ప్రింగు. నీటి మట్టం పెరిగినకొద్దీ గూటిలో చిక్కిన గాలి నొక్కుకుని, పొరను ఉబ్బిస్తుంది. పొర స్ప్రింగును గెలిచిన క్షణాన 'టిక్' మని చప్పుడవుతుంది. నీళ్ళు వదిలే వాల్వుకు కరెంటు ఆగి, ఉతికే పని మొదలవుతుంది. ఇదంతా చాలా కొద్దిపాటి ఒత్తిడితో నడిచే వ్యవహారం. 25 సెంటీమీటర్ల ఎత్తు నీరు కలిగించే ఒత్తిడి మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడిలో సుమారు నలభయ్యో వంతు మాత్రమే. అందుకే గొట్టానికి సూదిబెజ్జమంత చిల్లు పడినా గాలి జారిపోయి, తొట్టి నిండినా ఖాళీగానే ఉన్నట్టు మిషను భ్రమపడుతుంది.

మా పక్క వాటాలోని పిన్నిగారికి ఈమధ్య ఇదే వచ్చిపడింది. "మాస్టారూ, మా మిషనుకు దాహం తీరడం లేదండీ. పోసినకొద్దీ తాగుతూనే ఉంది" అన్నారు. అంతకుముందే ఒక మెకానిక్కు వచ్చి, బోర్డు మొత్తం మార్చాలని తేల్చిపోయాడట.

ఇటువంటప్పుడు ముందు నీళ్ళు పోయే గొట్టాన్ని చూడాలి. దాని కొస తొట్టిలోని నీటి మట్టం కంటే కిందికి వాలి ఉంటే, వచ్చిన నీళ్ళు వచ్చినట్టే జారిపోతాయి. పాపం, స్విచ్చు తప్పేమీ ఉండదు. పిన్నిగారి గొట్టం ఎత్తుగానే ఉంది. రెండో పరీక్ష, నీళ్ళు పడుతుండగా గోడమీది స్విచ్చు కట్టేయడం. కరెంటు లేకపోయినా ధార ఆగకపోతే వాల్వే ఇరుక్కుందన్నమాట. ఇక్కడ ధార వెంటనే ఆగింది. అంటే వాల్వు మంచిదే. ఇక చాలునని దానికి కబురు అందడం లేదు.

ప్లగ్గు ఊడదీసి, ఎలక్ట్రీషియను చేత వెనుక రేకు విప్పిస్తే, సన్నగొట్టం బిళ్ళకు తొడిగిన చోటే చీలి ఉంది. చీలినంత మేర, అంగుళం ముక్క, కోసేసి మళ్ళీ తొడిగాడు. కాని తొడిగేముందు తొట్టిలో నీళ్ళన్నీ తోడించాను. ఇది ముఖ్యం. గాలి పోయిన గూటిలోకి నీళ్ళు ఎక్కి కూర్చుంటాయి. ఆ స్థితిలో గొట్టం బిగిస్తే నొక్కడానికి గాలి ఉండదు. రిపేరు సరిగా చేసినా ఫలితం కనపడదు. ఖాళీ తొట్టితో మొదలు పెట్టాక, పిన్నిగారు ఎంచుకున్న మట్టం దగ్గర 'టిక్' మంది.

దీనికి సరిగ్గా ఎదురు జబ్బు ఇంకొకటి ఉంది. సబ్బు మడ్డి, బోరునీటి ఉప్పు పేరుకుని గూటి నోరు పూడుకుపోతుంది. నీళ్ళు బయటికి పోయినా లోపల నొక్కుకున్న గాలి వదలదు. తొట్టి నిండే ఉందనుకుని మిషను పంపును తిప్పుతూనే ఉంటుంది. బట్టలు పిండే ఘట్టానికి రాదు. కొన్నింటిలో తలుపు కూడా తెరుచుకోదు. ఇంట్లోవాళ్ళు పంపు చెడిందనుకుంటారు. తొట్టి ఖాళీ చేసి, సన్నగొట్టాన్ని బిళ్ళ నుంచి ఊడదీసి, కింది వైపుకు నోటితో మెల్లగా ఊదాలి. గాలి సాఫీగా పోకపోతే దోషం గూటిది. గోరువెచ్చని నీటితో కడగాలి గాని, పిన్నీసులతో పొడవకూడదు. బిళ్ళ వైపుకు గట్టిగా ఊదితే పొర చిరుగుతుంది. 'టిక్' వినబడేంత మెల్లగా ఊదితే చాలు.

ఈనాటి చాలా మిషన్లలో ఆ 'టిక్' కూడా వినబడదు. పొర ఉబ్బినప్పుడు ఒక చిన్న కడ్డీ తీగచుట్టలోకి జరుగుతుంది. ఆ మార్పును బట్టి బోర్డు మట్టాన్ని లెక్కకడుతుంది. గూడు, గొట్టం మాత్రం పాతవే. బోర్డు మార్చమనే ముందు ఆ గొట్టం చూశారా అని మెకానిక్కును అడగండి.