అడుగుతున్నది కొత్త అప్పు కాదు

అమెరికాలో చదివే పిల్లల రెండో సెమిస్టరు ఫీజు గడువు దగ్గర పడగానే ఇక్కడ తల్లిదండ్రులు బ్యాంకుకు ఒక ఉత్తరం రాస్తారు. ‘దయతలచి ఫీజు విడుదల చేయవలసిందిగా వేడుకుంటున్నాను’ అని ఉంటుంది అందులో. ఈ వేడుకోలే నాకు మింగుడుపడదు. రుణం ఎప్పుడో మంజూరైంది. సంతకాలయ్యాయి, ఇంటి కాగితాలు బ్యాంకులో ఉన్నాయి. ఇప్పుడు అడుగుతున్నది కొత్త అప్పు కాదు, ఒప్పుకున్న అప్పులో తరువాతి విడత.

భారతీయ బ్యాంకుల సంఘం 2001లో తెచ్చిన నమూనా విద్యారుణ పథకంలో ఒక నిబంధన ఉంది. అవసరాన్ని బట్టి విడతలుగా, వీలైనంత వరకు నేరుగా విద్యాసంస్థకే డబ్బు పంపాలన్నది దాని సారం. విద్యారుణాల మీద ఎందరో రాస్తున్నారు. వడ్డీ గురించి, మొండి బకాయిల గురించి చర్చిస్తారు గానీ ఈ ఒక్క వాక్యాన్ని పట్టించుకున్నవారు అరుదు.

పట్టించుకోకపోతే ఏమవుతుందో చూడండి. ‘ముందు మీరు కట్టేయండి, రసీదు తెస్తే మీ ఖాతాలో వేస్తాం’ అంటారు కౌంటర్లో. ఫీజు 10,000 డాలర్లు, డాలరు 85 రూపాయలు అనుకుందాం. మొత్తం ఎనిమిదిన్నర లక్షలు. విదేశీ చదువుకు నమూనా పథకం ప్రకారం మార్జిన్ 15 శాతం, అంటే కుటుంబం వేసుకోవాల్సింది 1,27,500 రూపాయలు. మిగతా 7,22,500 బ్యాంకు వాటా. ఆ వాటాను కూడా బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 14,450 రూపాయలు వడ్డీకే పోతాయి. అదే డబ్బు మీద బ్యాంకు పది శాతం తీసుకున్నా నెలకు ఆరు వేల చిల్లర. చౌక అప్పు చేతిలో ఉండగా ఖరీదైన అప్పు చేయించడమే ఇది. నేరుగా విద్యాసంస్థకే అన్న నిబంధన ఇలా జరగకుండా ఉండటానికే.

అందుకే ఆ ఉత్తరం వేడుకోలుగా కాక లెక్కగా ఉండాలి. రుణఖాతా సంఖ్య, మంజూరు తేదీ, మంజూరైన మొత్తం, ఇప్పటిదాకా విడుదలైనది, మిగిలినది మొదటి పేరాలోనే రాయాలి. యూనివర్సిటీ ఇన్‌వాయిస్, ముందు సెమిస్టరు మార్కులు, సంతకం చేసిన ఏ2 ఫారం జతచేయాలి. మార్జిన్ సొమ్ము ఫలానా ఖాతాలో సిద్ధంగా ఉందని చెప్పాలి. చెల్లింపు సందేశంలో విద్యార్థి ఐడీ ఉండాలని, మధ్యవర్తి బ్యాంకుల చార్జీలు పంపేవారే భరించే పద్ధతిలో పంపాలని విడిగా అడగాలి. ఐడీ లేకపోతే సొమ్ము యూనివర్సిటీ ఖాతాకు చేరినా ఎవరిదో తెలియక ఆగిపోతుంది. చార్జీల కింద దారిలో పాతిక డాలర్లు తెగినా అంత మేరకు బకాయి కనిపిస్తుంది, రిజిస్ట్రేషన్‌కు అడ్డు పడొచ్చు. ఎఫ్-1 వీసా మీద ఉన్న విద్యార్థి పూర్తికాల చదువులో ఉండితీరాలి కాబట్టి అది వీసా దాకా పోయే చిక్కు. పంపిన రోజే స్విఫ్ట్ కాపీ అడిగి తీసుకోవాలి. ఉత్తరం నకలు మీద ‘అందినది’ అని తేదీతో ముద్ర వేయించుకోవాలి. గడువు చివరి రోజునే చూసుకోకుండా కనీసం మూడు వారాల ముందు ఇవ్వాలి, ఎందుకంటే చాలా శాఖలు విదేశీ చెల్లింపును మరో శాఖకు పంపిస్తాయి.

విద్యార్థి సరిగా చదువుతున్నాడో లేదో చూసే హక్కు బ్యాంకుకు ఉంది, కాదనను. కానీ విద్యాసంస్థను సంప్రదించి ప్రగతి నివేదికలు తెప్పించుకోమని ఆ నమూనా పథకమే బ్యాంకుకు చెబుతోంది. సెమిస్టరంతా ఊరుకుని, గడువుకు వారం ముందు తండ్రి ఆదాయ పత్రాలు మళ్లీ తెమ్మనడం తనిఖీ కాదు. అది అప్పును రెండోసారి మంజూరు చేయడం.

ఫిర్యాదు చేసుకోండి అంటారు. రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లాలంటే ముందు బ్యాంకుకు రాసి, జవాబు రాకపోతే 30 రోజులు ఆగాలి. ఫీజు గడువు అన్నాళ్లు ఆగదు. అందువల్ల గడువు బ్యాంకుకే పెట్టాలి. ఇన్‌వాయిస్, మార్జిన్ అందిన నాటి నుంచి ఏడు పనిరోజుల్లో సొమ్ము యూనివర్సిటీకి బయలుదేరాలి. బయలుదేరకపోతే యూనివర్సిటీ వేసే ఆలస్య రుసుమును, ఆ కుటుంబం బయట కట్టిన వడ్డీని బ్యాంకే భరించాలి. ‘నేరుగా విద్యాసంస్థకే’ అని 2001 నుంచి కాగితం మీద ఉన్న మాటకు ఈ జరిమానా జోడించనంతకాలం ఆ పథకాన్ని గోడకు అంటించే హక్కు ఏ శాఖకూ లేదు.