బిడ్డ ఓసీఐకి అమ్మానాన్నల పేర్లే కీలకం

అమెరికాలో పుట్టిన పసిబిడ్డకు ఓసీఐ తీసుకోవాలనుకునే తెలుగు దంపతులు ముందుగా కంగారు పడేది ఫొటో గురించి. ఫొటో సరిగా లేదని తిప్పి పంపితే మర్నాడు ఇంకొకటి తీసుకోవచ్చు. దరఖాస్తు నెలల తరబడి ఆగిపోయేది అమ్మానాన్నల పేర్ల దగ్గర. ఆ పేర్లు తేలిపోయేది ప్రసవమైన ఆస్పత్రిలోనే, జనన పత్రం కోసం వివరాలు రాసిచ్చే ఆ అరగంటలో. అప్పటికి ఓసీఐ ఊసు ఎవరికీ తట్టదు.

ముందు చట్టం సంగతి. 2004 డిసెంబర్ 3 తర్వాత విదేశంలో పుట్టిన బిడ్డ భారత పౌరుడు కావాలంటే, ఏడాదిలోపు మన కాన్సులేట్‌లో జననం నమోదు చేయించాలి. బిడ్డకు మరో దేశం పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులు రాసివ్వాలి. అమెరికా పాస్‌పోర్టు తీసుకున్నాక ఆ మాట రాసివ్వడం కుదరదు. అందుకే ఎక్కువమంది బిడ్డకు అమెరికా పాస్‌పోర్టు తీసుకుని, తర్వాత ఓసీఐకి వెళ్తారు. తల్లిదండ్రుల్లో ఒక్కరు భారత పౌరులైనా మైనర్ బిడ్డ అందుకు అర్హులే. 2006 జనవరిలో హైదరాబాద్ ప్రవాసీ భారతీయ దివస్‌లో మొదలైన పథకం ఇది. పేరులో పౌరసత్వం ఉన్నా, చేతికొచ్చేది జీవితాంతం చెల్లే వీసా, దానితో పాటు కొన్ని హక్కులు. ఓటు ఉండదు. వ్యవసాయ భూమి కొనడానికీ వీల్లేదు. తాతగారు పొలాన్ని మనవడికి దానపత్రం రాసిచ్చినా చెల్లదు, వారసత్వంగా వస్తే మాత్రం తీసుకోవచ్చు. పల్లెల్లో ఆస్తి ఉన్న కుటుంబాలు ఈ తేడా ముందే తెలుసుకోవాలి.

ఇక పేర్ల దగ్గరికి వద్దాం. టెక్సాస్‌లో ఉండే ఒక జంటను ఊహించుకోండి. భర్త పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్నట్టే ఇంటిపేరు, పెట్టిన పేరు కలిపి రెండో గడిలో ఎక్కించారు. మన రాష్ట్రాల్లో ఇలాంటి పాస్‌పోర్టులు కోకొల్లలు. అమెరికా వీసా ఇచ్చేటప్పుడు ఆ మొత్తం పేరునూ ఇంటిపేరుగా తీసుకుని, పెట్టిన పేరు చోట ఎఫ్ఎన్‌యూ అని వేస్తారు. పెట్టిన పేరు తెలియదని దాని అర్థం. అదే డ్రైవింగ్ లైసెన్సులోకి ఎక్కుతుంది. ప్రసవమయ్యాక ఆస్పత్రిలో గుమస్తా లైసెన్సు చూసి రాసుకుంటే, బిడ్డ జనన పత్రంలో తండ్రి పేరు ఎఫ్ఎన్‌యూతో మొదలవుతుంది. ఒక్కోసారి తండ్రి పూర్తి పేరే బిడ్డకు ఇంటిపేరై కూర్చుంటుంది.

ఇప్పుడు భార్య సంగతి. అమెరికా జనన పత్రంలో తల్లికి పెళ్లికి ముందున్న పేరు రాస్తారు. ఆమె పాస్‌పోర్టు పుట్టింటి పేరుతోనే ఉంటే ఇబ్బంది లేదు. పెళ్లయ్యాక భర్త ఇంటిపేరుకు మార్చుకుని ఉంటే, జనన పత్రంలోని తల్లీ పాస్‌పోర్టులోని ఆవిడా ఒకరేనని చూపించాలి. ఆ పని చేసేది వివాహ ధ్రువపత్రం. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో తీసుకున్న ఆ పత్రంలో ఇద్దరి పేర్లూ ఏ అక్షరాలతో ఉన్నాయో చూసుకోండి. అక్కడ ఇనిషియల్ మాత్రమే ఉండి పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరుంటే మళ్లీ ప్రశ్న వస్తుంది. పెళ్లి శుభలేఖ, ఫొటోలు ఇక్కడ పనికిరావు.

ఈ దంపతులు హ్యూస్టన్ కాన్సులేట్ పరిధిలోకి వస్తారు. ociservices.gov.in లో దరఖాస్తు నింపి, బిడ్డ పాస్‌పోర్టు, ఇద్దరు తల్లిదండ్రుల పేర్లూ ఉన్న పూర్తి జనన పత్రం, తల్లిదండ్రుల పాస్‌పోర్టులు, వివాహ పత్రం, వాళ్లు ఆ దేశంలో ఉండటానికి ఆధారం, చిరునామా రుజువు జత చేస్తారు. తల్లిదండ్రులిద్దరి సంతకాలూ ఉండాలి. రుసుము 275 డాలర్లు, సేవా కేంద్రం తీసుకునేది వేరే. పరిశీలించే అధికారి చేసే పనుల్లో ఒకటి, జనన పత్రంలో తండ్రి పేరును తండ్రి పాస్‌పోర్టుతో పోల్చడం. అక్కడ ఎఫ్ఎన్‌యూ కనిపిస్తే వివరణ అడుగుతారు. రెండు పేర్లూ ఒకరివేనని అఫిడవిట్‌తో సరిపెట్టవచ్చునేమో ముందు అడగండి. ఒప్పుకోకపోతే రాష్ట్ర జనన నమోదు విభాగంలో పత్రం సవరించుకోవాలి. బిడ్డ పేరే మారితే పాస్‌పోర్టు కూడా మళ్లీ తీసుకోవాలి. సవరణ పూర్తయ్యేదాకా మిగతావన్నీ ఆగుతాయి.

అందుకే నేను గట్టిగా చెప్పేది ఇది. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లు, బిడ్డ పుట్టకముందే, పాస్‌పోర్టు పునరుద్ధరణ వచ్చినప్పుడు పేరును రెండు గడుల్లోకి విడగొట్టించుకోవాలి. వీసా, లైసెన్సు పాత పేరుతోనే ఉంటాయి కాబట్టి వాటిని సరిచేసుకునే వ్యవధి చూసుకోవాలి. అది కుదరకపోతే ఆస్పత్రికి లైసెన్సుకు బదులు పాస్‌పోర్టు తీసుకెళ్లండి. గుమస్తా ఇచ్చే ముసాయిదా మీద సంతకం పెట్టేముందు ప్రతి అక్షరం చదవండి. నిద్రలేని కళ్లతో ఉన్న తండ్రికి అది కష్టమే, వెంట వచ్చిన అమ్మమ్మో మేనమామో చదివినా చాలు. మన పాస్‌పోర్టు కార్యాలయాలు కూడా ఆ గడి ఖాళీగా వదిలితే రేపు ఏమవుతుందో దరఖాస్తుదారుకు అక్కడే చెప్పాలి. ఒక్క వాక్యం చాలు, ఇంత తిరుగుడు తప్పుతుంది.

ఇక ఫొటో సంగతి. అది చతురస్రంగా ఉండాలి. కాగితం మీదైతే 2 అంగుళాలు పొడవు, 2 వెడల్పు. రెండు కళ్లూ తెరిచి, నోరు మూసి, ముఖం నేరుగా ఉండాలి. పట్టుకున్నవాళ్ల చెయ్యి, పాలపీక, బొమ్మ కనిపించకూడదు. నేపథ్యం ముడతల్లేకుండా, నీడ పడకుండా ఉండాలి. దాని రంగు విషయంలో నిబంధన మారుతూ వచ్చింది. తెలుపు వద్దు, లేతరంగు ఉండాలని చాలాకాలం చెప్పారు. అందుకే పాత వీడియోలను నమ్మకుండా, అప్‌లోడ్ చేసే రోజు ఉన్న సూచనలే చూడండి. మెడ నిలవని పసివాళ్లను చదునైన దుప్పటి మీద పడుకోబెట్టి, కిటికీ వెలుగులో సరిగ్గా పైనుంచి తీయాలి. ఫోన్ పట్టుకున్న మీ నీడే బిడ్డ బుగ్గ మీద పడుతుంది, ఎక్కువ ఫొటోలు చెడేది దానివల్లే. పాలు తాగి మేల్కొని ఉన్న సమయం మంచిది.

సంతకం చోట తల్లిదండ్రులు బిడ్డ పేరు రాయకూడదు, బిడ్డ వేలిముద్రే వేయించాలి. ఏ చేతి బొటనవేలో చెక్‌లిస్టులో చూడండి. అప్‌లోడ్ చేసే వేలిముద్ర చిత్రం ఎత్తుకు మూడింతల వెడల్పుండాలి. బిడ్డ నిద్రలో పిడికిలి వదులైనప్పుడు, ఇంకు చాలా పల్చగా అద్ది, తెల్లకాగితం మీద పక్కపక్కనే నాలుగైదు ముద్రలు వేయించండి. గీతలు కనిపించేది ఎంచుకుని, దాని రెండు వైపులా ఖాళీ వదిలి కత్తిరిస్తే కొలత సరిపోతుంది. ఇంకు ఎక్కువైతే ముద్ద మరక పడుతుంది, దాన్ని తిప్పి పంపుతారు.

కార్డు వచ్చాక కూడా ఒక పని మిగులుతుంది. పదహారేళ్లలోపు పిల్లలకు అమెరికా పాస్‌పోర్టు ఐదేళ్లకే ఇస్తారు. ఇరవై ఏళ్లు వచ్చేదాకా కొత్త పాస్‌పోర్టు తీసుకున్న ప్రతిసారీ, మూడు నెలల్లోగా దాని ప్రతినీ కొత్త ఫొటోనూ ఓసీఐ పోర్టల్‌లో ఎక్కించాలి. దానికి రుసుము లేదు. ఇరవై దాటాక తీసుకునే పాస్‌పోర్టుకు మాత్రం కార్డును ఒకసారి కొత్తగా తీసుకోవాలి. అప్పుడు అధికారి చూసేది అమ్మాయి లేక అబ్బాయి సొంత సంతకం.